డాబా మీద సోలార్ కాళ్లు: నీరు దిగకుండా, గాలికి లేవకుండా

కాంక్రీటు డాబా మీద సోలార్ ప్యానెళ్లను నిలబెట్టే ఇనుప కాళ్లు ఒకేసారి రెండు పనులు చేయాలి. ప్యానెళ్ల బరువును, వాటి మీద పడే గాలి తోపుడును ఇంటి స్తంభాల దాకా చేర్చాలి. అలా చేరుస్తూ, స్లాబు మీద పరిచిన వాటర్‌ప్రూఫింగ్ పొరకు కొత్త రంధ్రం మిగల్చకూడదు. ఈ రెండింటికీ పొత్తు కుదరడం కష్టం. కాలు గట్టిగా పట్టుకోవాలంటే పొరను దాటి లోపలి కాంక్రీటును చేరాలి, పొర చెక్కుచెదరకూడదంటే కాలు పైపైనే ఆగిపోవాలి. తెలుగు రాష్ట్రాల్లో వర్షాకాలంలో సోలార్ పెట్టించుకున్న ఇళ్లలో పైకప్పు కారుతోందన్న ఫిర్యాదులు ఎక్కువగా ఈ పేచీని పట్టించుకోకుండా డ్రిల్ పట్టుకోవడం వల్ల వచ్చేవే.

ముందుగా చూడవలసింది డాబా పొరల్ని. మామూలు ఇంటి స్లాబు మందం 125 మి.మీ., అంటే అయిదంగుళాలు. దాని మీద నీరు తూముల వైపు జారేలా వాలు కోసం వేసిన సన్నకంకర కాంక్రీటో, ఇటుక ముక్కల పొరో, సున్నం సుర్కీయో ఉంటుంది. దాని మీద టైల్సో, సిమెంటు ఫినిషింగో ఉంటుంది. ఈ పైపొరలన్నీ కలిపి చాలా ఇళ్లలో 50 నుంచి 100 మి.మీ. వరకు వస్తాయి. వీటికి బలం లేదు. నీటిని పక్కకు నడిపించడం, ఎండ నుంచి స్లాబును కాపాడటమే వీటి పని. బరువు మోసేది, బోల్టును పట్టి ఉంచేది కింద ఉన్న స్లాబు ఒక్కటే.

ఈ తేడాను విస్మరించినప్పుడు జరిగే పొరపాటు చాలా సాధారణమైనది. బిగించేవాళ్ల పెట్టెలో 100 మి.మీ. పొడవున్న ఎక్స్‌పాన్షన్ బోల్టులు ఉంటాయి. డాబా మీద 75 మి.మీ. ఫినిషింగ్ ఉంటే, బోల్టులో పైన ప్లేటుకు, నట్టుకు పోయేది కూడా తీసేశాక అసలు స్లాబులోకి దిగేది మహా అయితే 15, 20 మి.మీ. మిగతాదంతా పొడిపొడిగా రాలిపోయే పొరలో ఉంటుంది. కాంక్రీటు బోల్టును పట్టి ఉంచే శక్తి లోతుతో పాటు చాలా వేగంగా పెరుగుతుంది. లోతు నాలుగో వంతుకు తగ్గితే పట్టు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అంటే 80 మి.మీ. లోతుకు దిగవలసిన బోల్టు 20 మి.మీ. దగ్గర ఆగితే బలం దాదాపు లేనట్టే. చేత్తో ఊపి చూస్తే మాత్రం గట్టిగానే అనిపిస్తుంది, ఎందుకంటే పైపొర దాన్ని పక్కల నుంచి పట్టుకుంటుంది. పైకి లాగే గాలి వచ్చిన రోజున సంగతి తెలుస్తుంది. ఈలోగా ఆ రంధ్రం వెంట వాననీరు మాత్రం దిగుతూనే ఉంటుంది.

సోలార్ కాళ్ల విషయంలో అసలు శత్రువు బరువు కాదు, గాలి. 540 వాట్ల ప్యానెల్ ఒకటి దాదాపు 28 కిలోలు తూగుతుంది. ఇలాంటివి ఆరు పెడితే 3 కిలోవాట్లకు కాస్త పైన వస్తుంది. పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల వరకే రాయితీ పెరుగుతూ 78 వేల రూపాయల దగ్గర ఆగుతుంది కాబట్టి ఇళ్ల మీద ఎక్కువగా కనిపించే పరిమాణం ఇదే. ఆరు ప్యానెళ్లు, వాటి ఇనుప చట్రం కలిపి సుమారు 320 కిలోలు అనుకుందాం. అవి పరుచుకునే వైశాల్యం పదిహేనున్నర చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 20 కిలోల చిల్లర. మనుషులు తిరిగే డాబాను చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు మోసేలా లెక్కగట్టి కడతారు. కాబట్టి కిందికి దిగే బరువుతో చిక్కేమీ లేదు.

గాలి లెక్క వేరు. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం డిజైనుకు తీసుకోవలసిన ప్రాథమిక గాలి వేగం హైదరాబాద్‌లో సెకనుకు 44 మీటర్లు, విజయవాడ, విశాఖపట్నం, నెల్లూరుల్లో 50 మీటర్లు. యాభై మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపానులో గాలులు ఆ స్థాయికి చేరాయి. కాబట్టి ఇది కాగితం మీది భయం కాదు. మీటర్లలో చెప్పిన వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద గాలి ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. 50 మీటర్ల వేగానికి 1,500 న్యూటన్లు, అంటే సుమారు 150 కిలోల బరువుతో సమానమైన తోపుడు. హైదరాబాద్ వేగానికి అది 118 కిలోల దగ్గర ఉంటుంది. భవనం ఎత్తు, చుట్టుపక్కల ఇళ్లు, ప్యానెల్ వాలు, డాబా అంచుకు దూరం వంటివన్నీ ఈ అంకెను పెంచడమో తగ్గించడమో చేస్తాయి. ముఖ్యంగా డాబా మూలల్లో లాగుడు బాగా ఎక్కువ.

విశాఖలోని ఒక రెండంతస్తుల ఇంటిని ఊహించుకుని లెక్క చేస్తే విషయం తేలుతుంది. పది డిగ్రీల వాలుతో ఆరు ప్యానెళ్లు, నాలుగు కాళ్లు. గాలి ఒత్తిడి మొత్తం పైకి లాగుడుగానే పనిచేస్తుందని సుమారుగా తీసుకుంటే పదిహేనున్నర చదరపు మీటర్ల మీద 2,300 కిలోల పైచిలుకు లాగుడు వస్తుంది. చట్రం, ప్యానెళ్ల బరువు తీసేస్తే మిగిలేది దాదాపు 2,050 కిలోలు, అంటే ఒక్కో కాలి కింద సుమారు 510 కిలోలు. గాలికి ఒకటిన్నర రెట్ల భద్రత కలిపితే కాలికి 800 కిలోలు దాటుతుంది.

ఇప్పుడు మన డాబాల మీద రోజూ కనిపించే ఏర్పాటును దీనితో పోల్చాలి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున కాంక్రీటు దిమ్మ పోసి అందులో కాలు నిలబెడతారు. టైల్స్ పగలగొట్టరు, రంధ్రం వేయరు, కనుక వాటర్‌ప్రూఫింగ్‌కు ఢోకా లేదని ఇంటివాళ్లకు చెబుతారు. ఆ మాట నిజమే. అయితే ఆ దిమ్మ బరువు 65 కిలోలు. నాలుగు కాళ్లకూ కలిపి 260 కిలోలు. అవసరం రెండు వేల పైన. తుపాను గాలికి ఈ దిమ్మలు కాళ్లతో సహా లేచిపోతాయి. దిమ్మ బరువుతోనే పట్టు సాధించాలంటే ఎంత కావాలో చూస్తే ఇంకో ఇబ్బంది బయటపడుతుంది. భద్రతతో కలిపి 3,200 కిలోలకు పైగా బరువు పెట్టాలి. అంటే చదరపు మీటరుకు 210 కిలోలు, ప్యానెళ్లతో కలిపి 230. డాబా మోయగలదనుకున్న 150ని ఇది దాటిపోయింది. రంధ్రాన్ని తప్పించుకోబోయి స్లాబు మీద భారం మోపినట్టవుతుంది.

అలాగని దిమ్మల పద్ధతి ఎక్కడా పనికిరాదని కాదు. ప్యానెళ్లను డాబాకు అంటిపెట్టుకున్నట్టు తక్కువ ఎత్తులో, తక్కువ వాలుతో, అంచులకు దూరంగా, ఎత్తయిన పిట్టగోడ చాటున పరిస్తే గాలి లాగుడు బాగా తగ్గుతుంది. అప్పుడు బరువుతో ఆపడం సాధ్యపడవచ్చు. ఆ లెక్క ఇంజనీరు వేసి చూపాలి. దిమ్మల కింద రబ్బరు పలక వేయాలి, లేకపోతే ఎండకు, గాలికి కదులుతూ అవే పొరను ఒరుసుకుంటాయి. నీరు తూముకు వెళ్లే దారిలో అడ్డంగా దిమ్మ పెడితే దాని వెనక నీరు నిలిచి, ఇంతకాలం కారని చోట కారడం మొదలవుతుంది.

మిగిలిన ఇళ్లలో సరైన మార్గం పొరను దాటడమే. దాటవలసింది మాత్రం కొద్ది చోట్లే, ఎంచుకున్న చోట్లే. ఇందుకు తెలుగు ఇళ్లలో ఒక వరం ఎదురుచూస్తూ ఉంటుంది. రేపు పై అంతస్తు వేద్దామని స్తంభాల చువ్వల్ని డాబా మీదికి వదిలేసిన ఇళ్లు ఊరూరా కనిపిస్తాయి. ఆ చువ్వలు నేరుగా స్తంభంలోకి, అక్కడి నుంచి పునాదిలోకి దిగి ఉంటాయి. గాలి లాగుడు ఆ చువ్వల ద్వారా స్తంభంలోకి వెళితే మొత్తం ఇంటి బరువే ప్యానెళ్లను పట్టి ఉంచుతుంది. ఇంతకంటే మంచి బరువు దారి ఎవరూ కొత్తగా కట్టలేరు. పైగా అవి ఉన్నచోట పొర ముందే తెగి ఉంది, చాలా ఇళ్లలో తుప్పు పట్టిన ఆ చువ్వల మొదలే పాత లీకేజీకి చిరునామా. అక్కడ దిమ్మ కడితే రెండు పనులూ అవుతాయి. చువ్వలు లేని ఇళ్లలో తర్వాతి స్థానం స్తంభాల మీద, ఆ తర్వాత దూలాల మీద. ఆఖరున మాత్రమే స్లాబు మధ్యభాగం.

దిమ్మ కట్టడంలో క్రమం ముఖ్యం. స్తంభం తల చుట్టూ ఒకటిన్నర అడుగుల చదరంలో పైపొరల్ని స్లాబు కనిపించే దాకా చెక్కుతారు. చువ్వల మీది తుప్పును ఇనుప బ్రష్‌తో గీకి, తుప్పు నిరోధక పూత పూస్తారు. స్లాబు ముఖాన్ని గరుకు చేసి, దుమ్ము ఊదేసి, పాత కాంక్రీటుకు కొత్తది అతుక్కునేలా జిగురు పూత రాసి, అది ఆరకముందే దిమ్మ పోస్తారు. నాలుగు పునాది బోల్టుల్ని చెక్క అచ్చుతో సరైన స్థానంలో నిలిపి అందులోనే బిగిస్తారు. దిమ్మ పై ముఖం పూర్తయిన డాబా మట్టానికి కనీసం 200 మి.మీ. పైన ఉండాలి. తూము ఆకులతో మూసుకుపోయి డాబా మీద నీరు నిలిచినా, బేస్ ప్లేటు, బోల్టులు మునగకుండా ఈ ఎత్తు కాపాడుతుంది. బోల్టు రంధ్రం నీటి మట్టానికి పైన ఉంటే ఏ సీలెంటు మీదా ఆశ పెట్టుకోవలసిన అవసరం ఉండదు.

పొరను మళ్లీ కలిపే పని దిమ్మ గట్టిపడ్డాకే. దిమ్మ, డాబా కలిసే మూలలో మొనతేలిన కోణం ఉంచకూడదు. అక్కడ మోర్టారుతో గుండ్రంగా వంపు తిప్పాలి. తొంభై డిగ్రీల మూలలో ఏ పూతైనా పలచబడి ముందుగా అక్కడే చీలుతుంది. ఆ వంపు మీద, దిమ్మ గోడల మీద 150 మి.మీ. ఎత్తు వరకు, డాబా వైపు అడుగు దూరం వరకు వాటర్‌ప్రూఫింగ్ పూత వేసి, మధ్యలో ఫైబర్ జాలీని ఇరికించి, దాని మీద రెండో పూత వేస్తారు. పాత పొర ఏ రకమో తెలిస్తే దానికి సరిపడే మందే వాడాలి. తారు షీటు మీద సిమెంటు ఆధారిత పూత నిలవదు. బేస్ ప్లేటు కింద ఖాళీని కుంచించుకుపోని గ్రౌటుతో నింపుతారు. ఆ ఖాళీని ఇసుక, సిమెంటుతో నింపితే ఎండాక చుట్టూ సన్నని చీలిక వస్తుంది.

స్తంభం చువ్వలు లేక స్లాబు మీదో దూలం మీదో బోల్టులు వేయవలసి వస్తే డ్రిల్ పట్టుకునే ముందు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. మన స్లాబులో కరెంటు పైపులు కాంక్రీటులోనే దాగి ఉంటాయి. కింద గదిలో ఫ్యాను, లైట్లు ఎక్కడున్నాయో, స్విచ్ బోర్డు ఏ గోడకు ఉందో చూస్తే వాటి దారిని అంచనా వేయవచ్చు. చువ్వలు వెతికే పరికరం తెచ్చుకుంటే ఇంకా మంచిది. బాల్కనీ, సన్‌షేడ్ వంటి బయటికి వేలాడే స్లాబుల్లో ప్రధాన చువ్వలు పై ముఖంలో ఉంటాయి. పైనుంచి డ్రిల్ చేస్తే సరిగ్గా వాటినే కోసేస్తాం. కాబట్టి అలాంటి చోట్ల కాలు పెట్టనే కూడదు. నాలుగున్నర అంగుళాల పిట్టగోడ ఇటుకలకు బిగించడం కూడా వద్దు. ఆ గోడ తన మీద పడే గాలినే అతికష్టం మీద తట్టుకుంటుంది.

రంధ్రాలకు ఎక్స్‌పాన్షన్ బోల్టు కన్నా కెమికల్ యాంకర్ మేలు. ఎక్స్‌పాన్షన్ బోల్టు అడుగున విచ్చుకుని కాంక్రీటును పక్కకు నొక్కుతుంది. బోల్టు చుట్టూ రంధ్రం ఖాళీగానే ఉండి నీటికి గొట్టంలా పనికొస్తుంది. కెమికల్ యాంకర్‌లో జిగురు ఆ ఖాళీని నింపేస్తుంది. 12 మి.మీ. బోల్టుకు 14 మి.మీ. రంధ్రం, స్లాబులో 80 మి.మీ. లోతు. ఈ లోతును కొలవడం స్లాబు ముఖం నుంచి మొదలవుతుంది, టైల్ పైనుంచి కాదు. 125 మి.మీ. స్లాబుకు కింద ఇంకా 45 మి.మీ. మిగులుతుంది. అది తగ్గితే డ్రిల్ తాకిడికి కింది సీలింగ్ నుంచి పెచ్చు ఊడుతుంది. రంధ్రంలోని పొడిని ఊది, బ్రష్ తిప్పి, మళ్లీ ఊదాలి. చాలామంది ఎగరగొట్టే మెట్టు ఇదే. దుమ్ము ఉంటే జిగురు కాంక్రీటుకు కాక దుమ్ముకే అతుక్కుంటుంది. తర్వాత పేరు మోసిన కంపెనీ జిగురు వాడినా ఫలితం ఒకటే.

కాలి ఎత్తు విషయంలో ఇంటివాళ్ల కోరికకు, బోల్టు బలానికి పడదు. డాబా మీద బట్టలు ఆరేసుకోవాలి, ఎండాకాలం రాత్రి పడుకోవాలి అని ఎనిమిది అడుగుల కాళ్లు అడుగుతారు. న్యాయమైన కోరికే. దాని ఖరీదు మాత్రం బేస్ ప్లేటు దగ్గర కడతారు. ముందు చెప్పిన ఇంట్లోనే, ఒక్కో కాలి తల మీద గాలి పక్కకు తోసే బలం 100 కిలోలు అనుకుందాం. కాలు రెండున్నర మీటర్లుంటే, ప్లేటులో బోల్టుల మధ్య దూరం 150 మి.మీ. ఉంటే, ఒక వైపు ఉన్న రెండు బోల్టుల మీద ఒక్కోదానికి 830 కిలోల లాగుడు పడుతుంది. పొడుగు గడ్డపారతో రాయిని పెకలించినట్టు కాలే బోల్టును పెకలిస్తుంది. అదే కాలు అర మీటరుంటే లాగుడు 170 కిలోలకు దిగిపోతుంది. నేరుగా పైకి లాగే గాలి వల్ల బోల్టుకు వచ్చేది 130 కిలోలే. అంటే ఎత్తయిన కాళ్ల దగ్గర అసలు పరీక్ష పైకి లేవడం కాదు, పక్కకు వంగడం. ఎత్తు తప్పనప్పుడు కాళ్ల మధ్య ఏటవాలు కడ్డీలు వేస్తే పక్క తోపుడు త్రికోణంలోకి మారి బోల్టు మీద భారం బాగా తగ్గుతుంది. అందం చెడుతుందని, నడవడానికి అడ్డమని కొందరు ఆ కడ్డీల్ని తీసేయిస్తారు. తీసేస్తే లెక్క మొదటికి వస్తుంది. ఈ ఊగుడే వాటర్‌ప్రూఫింగ్‌కూ చేటు. ప్రతి గాలికీ ప్లేటు వెంట్రుకవాసి కదులుతూ ఉంటే చుట్టూ ఉన్న పూత ఏడాది రెండేళ్లలో తెగిపోతుంది.

అల్యూమినియం రైళ్ల సాగుడూ అలాంటిదే, కాకపోతే నెమ్మదిగా జరుగుతుంది. పది మీటర్ల రైలు తెల్లవారుజామున ఉన్న చల్లదనానికి, మధ్యాహ్నపు వేడికి మధ్య 40 డిగ్రీల తేడాలో తొమ్మిది మిల్లీమీటర్లు సాగుతుంది. మధ్యలో అతుకు దగ్గర ఖాళీ వదలకపోతే ఆ సాగుడు కాళ్లను రోజూ అటూ ఇటూ నెడుతుంది.

పని అయ్యాక చాలామంది చేసేది ప్లేటు చుట్టూ సిలికాన్ పూయడం. పుల్లటి వాసన, వెనిగర్ లాంటిది వచ్చే సిలికాన్ కాంక్రీటుకు పనికిరాదు. ఆరేటప్పుడు విడుదలయ్యే ఆమ్లం సిమెంటుతో చర్య జరిపి అతుకును చెడగొడుతుంది. పాలీయురేథేన్ సీలెంటు మేలు. అదైనా రెండో కాపలాయే తప్ప మొదటిది కాదు. దిమ్మ ఎత్తు, పూత మడత సరిగా లేనిచోట ఏ ట్యూబూ నిలబడదు.

రేకుల కప్పులకు ఈ నియమాలు వేరే రూపంలో వర్తిస్తాయి. స్క్రూ రేకు కింది ఇనుప పర్లిన్‌ను పట్టాలి. నీరు పారే లోయలో కాక రేకు మడత శిఖరం మీద వేయాలి, రబ్బరు వాషరు తప్పనిసరి. సిమెంటు రేకుల మీద మనుషులు ఎక్కడమే ప్రమాదం, ప్యానెళ్ల సంగతి వదిలేయడమే మంచిది.

పనికి ముందు, తర్వాత కూడా నీటి పరీక్ష ఉండాలి. ముందు చేయడం వల్ల పాత లీకేజీ ఏదో కొత్తది ఏదో తేలుతుంది. అప్పుడే సీలింగ్ ఫోటోలు తీసి ఉంచుకుంటే తర్వాత వాదన ఉండదు. తూములకు గుడ్డ కుక్కి, డాబా మీద 50 మి.మీ. మించకుండా నీరు నిలిపి 48 గంటలు ఉంచుతారు. ఆ లోతు నీటి బరువు చదరపు మీటరుకు 50 కిలోలు, డాబాకు అది భారం కాదు. వాలు వల్ల తూము వైపు లోతు ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆ వైపు కొలతే చూడాలి, దిమ్మల చుట్టూ కూడా నీరు చేరిందో లేదో గమనించాలి. ఎత్తున ఉన్న దిమ్మల దగ్గర నీరు చేరకపోతే ఇటుకలతో చిన్న కట్ట కట్టి అక్కడే విడిగా నింపవచ్చు.

కిందకు చెమ్మ వచ్చినప్పుడు దాని ఆకారమే సగం సంగతి చెబుతుంది. వాన వెలిసిన గంటల్లో ఒక చుక్కలా కనబడి ఆరాక గోధుమ రంగు వలయం మిగిల్చేది చాలావరకు సూటిగా పడ్డ రంధ్రం. ఫ్యాను కొక్కెం నుంచో లైటు పాయింటు నుంచో కారితే డ్రిల్ కరెంటు పైపును తాకి ఉండాలి, ముందు ఆ లైను మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. తుప్పు రంగు చారలు చువ్వకు నీరు తగిలిందని చెబుతాయి. గదిలో చెమ్మ ఉన్నచోటికి సరిగ్గా పైన రంధ్రం కనబడకపోవడం మామూలే. నీరు స్లాబు మీదా పైపొర కిందా మీటర్ల కొద్దీ పాకి, ఎక్కడ సన్నని పగులు దొరికితే అక్కడ దిగుతుంది. అందుకే చెమ్మకు ఎదురుగా పూత పూయడం వృథా. ఒక్కో దిమ్మ చుట్టూ కట్ట కట్టి, ఎత్తుగా ఉన్న వైపు నుంచి ఒక్కొక్కటిగా నీరు నింపి, మధ్యలో ఒక రోజు విరామం ఇస్తూ వస్తే ఏ కాలి దగ్గర తప్పు జరిగిందో దొరుకుతుంది. దొరికాక కేవలం పైన పూత రాసి ఊరుకోకూడదు. ప్లేటు విప్పి, బోల్టు తీసి, రంధ్రాన్ని జిగురుతో పూర్తిగా నింపి, మట్టానికి పైన దిమ్మ కట్టి మళ్లీ బిగించాలి.